మీకు తెలుసా? ట్విట్టర్ పేరు మారినా పాస్‌కీలు ఒప్పుకోలేదు

మీకు తెలుసా? ఎలాన్ మస్క్ 2023 జులైలో ట్విట్టర్ పేరును ఎక్స్‌గా మార్చారు. 2024 మే నాటికి సైటు చిరునామా కూడా twitter.com నుంచి x.com కి మారిపోయింది. అంతా అయిపోయిందనుకున్నాక, 2025 అక్టోబరు చివర్లో ఆ కంపెనీ కొందరు వాడకందారులకు ఒక వింత విన్నపం చేసుకోవాల్సి వచ్చింది. రెండో అంచె రక్షణగా సెక్యూరిటీ కీ గానీ పాస్‌కీ గానీ పెట్టుకున్నవాళ్లంతా నవంబరు 10లోగా దాన్ని మళ్లీ నమోదు చేసుకోవాలి, లేకపోతే ఖాతాలోకి రాలేరు అన్నది దాని సారాంశం. గడువు దాటాక కొందరు నిజంగానే లోపలికి రాలేక తిప్పలు పడ్డారు.

ఇందులో తమాషా ఏమిటంటే, మామూలు పాస్‌వర్డ్ వాడేవాళ్లకు ఈ గొడవే లేదు. ఆథెంటికేటర్ యాప్ చూపించే ఆరంకెల కోడ్ కొట్టేవాళ్లకూ లేదు. పాత చిరునామా దగ్గర పనిచేసిన పాస్‌వర్డే కొత్త చిరునామా దగ్గరా పనిచేసింది. మొండికేసినవి కీలు మాత్రమే. అవి twitter.com కోసం పుట్టాయి. వాటి లెక్కలో x.com పరాయి సైటు. రెండింటికీ యజమాని ఒకరే, కంపెనీ ఒకటే అంటే అవి వినవు.

ఫేస్‌బుక్, వాట్సాప్, ఎక్స్ ఈమధ్య ‘పాస్‌కీ పెట్టుకోండి’ అని అడుగుతుంటే చాలామంది దాన్ని ‘వేలిముద్రతో లాగిన్’ అనుకుని ఊరుకుంటున్నారు. వేలిముద్ర అందులో చిన్న భాగమే. అసలు బలం ఆ మొండితనంలో ఉంది. తాను ఏ సైటు కోసం పుట్టిందో ఆ సైటుకు తప్ప ఇంకెవరికీ, మీరే స్వయంగా ఇవ్వమన్నా, పాస్‌కీ పలకదు.

ఓటీపీకి అందరూ ఒకటే

మీకు తెలుసా? పాస్‌వర్డ్‌కీ ఓటీపీకీ ఒకే జబ్బు ఉంది. రెండూ మీకూ అవతలి సైటుకూ కలిపి తెలిసిన రహస్యాలే. కాబట్టి అవి రెండు చోట్ల దొంగతనానికి గురికావచ్చు: సైటు దగ్గర, లేదా మీ దగ్గర.

సైటు దగ్గర దొంగతనం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2012లో లింక్డిన్ నుంచి పాస్‌వర్డ్‌ల గుట్ట ఒకటి పోయింది. పోయింది 65 లక్షలే అని మొదట అనుకున్నారు. 2016లో 11 కోట్ల 70 లక్షల ఖాతాల వివరాలు అమ్మకానికి వచ్చేసరికి అసలు సంగతి బయటపడింది. దొంగలు పట్టుకెళ్లకపోయినా ఇంటివాళ్ల నిర్లక్ష్యం ఉండనే ఉంది. కోట్లాది పాస్‌వర్డ్‌లను ఎలాంటి మరుగూ లేకుండా, చదివితే అర్థమయ్యేలా తమ లోపలి కంప్యూటర్లలో నిల్వ ఉంచుకున్నామని 2019 మార్చిలో ఫేస్‌బుక్ ఒప్పుకుంది. దానికి ఐర్లండ్ డేటా రక్షణ సంస్థ 2024 సెప్టెంబరులో 9 కోట్ల 10 లక్షల యూరోల జరిమానా వేసింది.

మీ దగ్గర జరిగే దొంగతనం ఇంకా సులువు. అడిగితే చాలు, మనమే ఇచ్చేస్తాం. ఓటీపీ వచ్చాక ఇది ఆగుతుందనుకున్నాం. కోడ్ నిమిషాల్లో చెల్లకుండా పోతుంది, ఒక్కసారే పనికొస్తుంది, కాబట్టి దొంగిలించినా లాభం లేదన్నది ఆనాటి ధైర్యం. ఆథెంటికేటర్ యాప్ అయితే 30 సెకన్లకోసారి అంకె మార్చేస్తుంది. కానీ దొంగ ఆ కోడ్‌ను దాచుకుని రేపు వాడాలనుకోడు కదా. మీరు నకిలీ పేజీలో కొడుతుండగానే అక్కడ అసలు పేజీలో కొట్టేస్తాడు. మనిషి కూర్చుని చేయాల్సిన పని కూడా లేదు, మధ్యలో ఉండి ఇటు తీసుకుని అటు అందించే ప్రోగ్రాములు ఉన్నాయి. దానికి 30 సెకన్లంటే బోలెడు సమయం.

ట్విట్టర్ సొంత ఉద్యోగులే దీనికి చిక్కారు. 2020 జులై నెల, కరోనా రోజులు, అందరూ ఇళ్ల నుంచే పని. కంపెనీ నెట్‌వర్క్‌లోకి చేర్చే వీపీఎన్ తరచూ మొరాయిస్తోంది. ఆ సమయంలో కొందరు ఉద్యోగులకు ఫోన్లు వచ్చాయి. ‘ఐటీ హెల్ప్‌డెస్క్ నుంచి మాట్లాడుతున్నాం, మీ వీపీఎన్ సమస్య చూస్తున్నాం, ఈ పేజీలోకి వెళ్లి లాగినవ్వండి’ అని. ఆ పేజీ అచ్చం కంపెనీ పేజీలాగే ఉంది, చిరునామా కూడా దాదాపు అలాగే ఉంది. ఉద్యోగి అందులో పాస్‌వర్డ్ కొడుతుండగానే దొంగలు దాన్ని అసలు పేజీలో కొట్టారు. అసలు పేజీ తన పద్ధతి ప్రకారం ‘లాగినవుతున్నది మీరేనా’ అని ఉద్యోగిని అడిగింది. ఆ క్షణంలో లాగినవుతున్నానని నమ్ముతున్న మనిషి ఏమంటాడు? అవునంటాడు. కొందరు అన్నారు.

జులై 15న బరాక్ ఒబామా, జో బైడెన్, బిల్ గేట్స్, ఎలాన్ మస్క్, యాపిల్ కంపెనీ ఖాతాల్లో ఒకే రకం ట్వీట్లు పడ్డాయి: బిట్‌కాయిన్ పంపండి, రెట్టింపు చేసి తిరిగి ఇస్తాం. దొంగలు 130 ఖాతాల మీద కన్నేసి, 45 ఖాతాల నుంచి ట్వీట్లు పెట్టగలిగారు. జనం పోగొట్టుకున్నది లక్షా 18 వేల డాలర్లకు పైనే. దీని వెనుక ప్రధాన సూత్రధారి ఫ్లోరిడాలోని టాంపాకు చెందిన 17 ఏళ్ల కుర్రాడు. న్యూయార్క్ ఆర్థిక సేవల నియంత్రణ శాఖ దర్యాప్తు చేసి ఆ అక్టోబరులో ఇచ్చిన నివేదికలో ఈ వివరాలన్నీ ఉన్నాయి. చదువుతుంటే ఆశ్చర్యం కలిగేది దొంగల తెలివి కాదు, వాళ్లకు పెద్ద తెలివి అవసరం పడకపోవడం.

ఆ ఉద్యోగులను తెలివితక్కువవాళ్లు అనలేం. వాళ్ల దగ్గర పాస్‌వర్డ్ ఉంది, రెండో అంచె ఉంది. చిక్కల్లా ఒకటే. తాము చూస్తున్న పేజీ అసలుదా నకిలీదా అని సరిచూసే బాధ్యత పూర్తిగా వాళ్ల కళ్ల మీదే ఉంది. ఆ తర్వాత ట్విట్టర్ తన ఉద్యోగులకు సెక్యూరిటీ కీలు ఇచ్చింది. పాస్‌కీకి పునాది కూడా ఆ కీల పద్ధతే. యూఎస్‌బీ ముక్క ఒకటి కొనుక్కునే బదులు, ఆ పని మీ ఫోనే చేస్తుంది.

ఫోను లోపల జరిగేది

మీకు తెలుసా? పాస్‌కీ పెట్టుకున్నాక, ఆ పాస్‌కీకి సంబంధించిన రహస్యం ఫేస్‌బుక్ దగ్గర ఒక్కటి కూడా ఉండదు.

మీరు ‘పాస్‌కీ సృష్టించు’ అని నొక్కగానే ఫోను ఒకదానికొకటి ముడిపడిన రెండు పెద్ద సంఖ్యలను తయారు చేస్తుంది. ఒకటి ప్రైవేట్ కీ, మీ దగ్గరే ఉండిపోతుంది. రెండోది పబ్లిక్ కీ, సైటుకు వెళ్తుంది. ప్రైవేట్ కీతో పెట్టిన సంతకాన్ని పబ్లిక్ కీతో సరిచూడవచ్చు. కానీ పబ్లిక్ కీ చేతిలో ఉన్నంత మాత్రాన సంతకం పెట్టలేరు. బ్యాంకులో మీ నమూనా సంతకం ఉంటుంది చూడండి, పబ్లిక్ కీ పాత్ర అదే. కాకపోతే నమూనా సంతకాన్ని చూసి ఫోర్జరీ చేయగల ఘనులు ఉన్నారు, పబ్లిక్ కీని చూసి ప్రైవేట్ కీని రాబట్టగల కంప్యూటర్ ఇప్పటికైతే లేదు. అందుకే రేపు ఫేస్‌బుక్ సర్వర్ల నుంచి పబ్లిక్ కీలన్నీ ఎవరైనా ఎత్తుకెళ్లినా, వాటితో ఒక్క ఖాతాలోకి కూడా దూరలేరు. లింక్డిన్ కథ ఇక్కడ మళ్లీ జరిగే వీల్లేదు.

లాగిన్ సమయంలో సైటు ముందుగా ఒక చిక్కు ప్రశ్న పంపుతుంది. నిజానికి అది అర్థం పర్థం లేని అక్షరాల వరస. ప్రతిసారీ కొత్తది, ఎవరూ ముందుగా ఊహించలేనంత పొడుగుది. దానికి మీ బ్రౌజర్ తన వంతుగా ఒక చీటీ రాస్తుంది. సుమారుగా ఇలా ఉంటుంది:

```
{"type": "webauthn.get",
 "challenge": "q7Rk2vXb0c9...",
 "origin": "https://x.com"}
```

మధ్య వరస సైటు పంపిన ప్రశ్న. చివరి వరస చూడండి, ఈ వ్యాసం మొత్తానికి అదే కీలకం. మీరు ఏ చిరునామాలో ఉన్నారన్నది బ్రౌజర్ తన కళ్లతో చూసి రాస్తుంది. పేజీ ఎంత మోసగాడిదైనా ఆ వరసలో తనకు నచ్చింది రాయించలేదు. ఈ చీటీ ఫోనుకు చేరుతుంది. ఫోను మీ వేలిముద్రో, ముఖమో, పిన్నో అడిగి, మీరు అవునన్నాక, ఆ చీటీ ముద్రను కలిపి సంతకం చేస్తుంది. సైటు దగ్గరున్న పబ్లిక్ కీతో సంతకం సరిపోవాలి, ప్రశ్న ఇప్పుడు పంపినదే కావాలి, చిరునామా తనదే కావాలి. మూడూ కుదిరితేనే తలుపు తీస్తారు. ఇదంతా ఒకటి రెండు సెకన్ల పని.

ఈ పద్ధతికి ప్రమాణాలు రాసినవాళ్లు ఫిడో అలయన్స్, వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ. బ్రౌజర్ వైపు ప్రమాణమైన వెబ్ఆథెన్ 2019 మార్చిలోనే ఖరారైంది. మూడేళ్ల తర్వాత 2022 మేలో యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ కలిసి దీన్ని మామూలు జనం ఫోన్లలోకి తెస్తామన్నాయి. సోషల్ మీడియా ఇంకా నెమ్మదిగా కదిలింది. వాట్సాప్ 2023 అక్టోబరులో ఆండ్రాయిడ్‌కూ 2024 ఏప్రిల్‌లో ఐఫోన్‌కూ ఇచ్చింది. ఎక్స్ 2024లో ఐఫోన్లతో మొదలుపెట్టింది. అందరికంటే పెద్దదైన ఫేస్‌బుక్ 2025 జూన్‌లో గానీ ప్రకటించలేదు.

మంగళగిరి చీరల పేజీ

ఇప్పుడు ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. మంగళగిరి చేనేత చీరలు అమ్ముకునే ఒకామెకు ఫేస్‌బుక్‌లో పేజీ ఉంది. ఆర్డర్లన్నీ దాంట్లోనే. ఓ మధ్యాహ్నం మెసెంజర్‌లో సందేశం వస్తుంది: ‘మీ పేజీ కాపీరైట్ నిబంధనలు ఉల్లంఘించింది. 24 గంటల్లో తొలగిస్తాం. అప్పీల్ చేసుకోవాలంటే ఈ లింక్ నొక్కండి.’ పేజీలు నడిపేవాళ్లలో ఈ బెదిరింపు చూడనివాళ్లు తక్కువ.

లింక్ చిరునామా facebook.com.help.example లాంటిది. మొదట్లో facebook.com కనిపిస్తోంది కదా అని కన్ను సరిపెట్టుకుంటుంది. కానీ ఇంటర్నెట్ చిరునామాను కుడి నుంచి ఎడమకు చదవాలి. ఇక్కడ యజమాని help.example, ముందున్న facebook.com వట్టి అలంకారం. ఇంకా గడుసువాళ్లు ఆంగ్ల అక్షరం బదులు అచ్చం అలాగే కనిపించే రష్యన్ అక్షరం పెడతారు. దాన్ని ఎవరి కన్నూ పట్టలేదు.

ఆమె దగ్గర పాస్‌వర్డ్ మాత్రమే ఉంటే కొట్టేస్తుంది, పేజీ పోతుంది. పాస్‌వర్డ్‌తోపాటు ఓటీపీ ఉంటే నకిలీ పేజీ పాస్‌వర్డ్ తీసుకుని వెంటనే అసలు సైటుకు అందిస్తుంది. అసలు ఫేస్‌బుక్ నుంచే నిజమైన ఓటీపీ ఆమె ఫోనుకు వస్తుంది. సందేశం అసలుది కాబట్టి నమ్మకం ఇంకా పెరుగుతుంది. కోడ్ కొడుతుంది, పేజీ పోతుంది.

పాస్‌కీ ఉంటే? నకిలీ పేజీ పాస్‌కీ అడగాలంటే రెండే దారులు. ఒకటి, ‘facebook.com పాస్‌కీ ఇవ్వు’ అని బ్రౌజర్‌ను అడగడం. నువ్వు ఉన్నది వేరే చోట, ఆ పేరు నీది కాదు అని బ్రౌజర్ అక్కడే తిప్పికొడుతుంది. రెండోది, తన సొంత చిరునామా పేరుతో అడగడం. ఆ పేరుతో ఫోనులో పాస్‌కీ ఉండదు, కాబట్టి ‘ఈ సైటుకు పాస్‌కీ లేదు’ అనే అర్థం వచ్చే మాట తెర మీద కనిపిస్తుంది. దొంగ అసలు సైటు నుంచి తాజా ప్రశ్న తెచ్చి మధ్యలో అందించినా ఫలితం ఇంతే. ఆమె ఎంత కంగారులో ఉన్నా, ఎంత నమ్మేసినా, పాస్‌కీ వైపు నుంచి ఇవ్వడానికి ఆమె చేతిలో ఏమీ లేదు.

కాబట్టి ఒక గుర్తు పెట్టుకోదగ్గ సంగతి ఉంది. రోజూ పాస్‌కీతో తెరుచుకునే సైటు ఒకరోజు హఠాత్తుగా పాస్‌కీ లేదని, పాస్‌వర్డ్ కొట్టమని అంటే, ఫోను పాడైందనుకునే ముందు చిరునామా వైపు చూడండి. దొంగకు పాస్‌కీ దొరకదని తెలుసు, అందుకే ‘పాస్‌కీ ప్రస్తుతం పనిచేయడం లేదు, కోడ్‌తో రండి’ అని పక్కదారి పట్టిస్తాడు.

మరి వేరే వాళ్ల కంప్యూటర్లో లాగినవ్వాలంటే? పాస్‌కీ ఫోనులోనే ఉంటుంది, కంప్యూటర్ తెర మీద ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది. ఫోనుతో దాన్ని స్కాన్ చేసి, వేలు పెడితే కంప్యూటర్‌లో లాగిన్ అవుతుంది. ఇందుకు రెండింటికీ ఇంటర్నెట్ ఉండాలి, రెండింటిలోనూ బ్లూటూత్ ఆన్‌లో ఉండాలి. బ్లూటూత్ ఎందుకంటే, ఫోను ఆ కంప్యూటర్ పక్కనే ఉందని రుజువు చేయడానికి. ఇది ఊరికే పెట్టిన నియమం కాదు. ఎక్కడో వేరే ఊళ్లో కూర్చున్న దొంగ తన తెర మీది క్యూఆర్ కోడ్‌ను ఫొటో తీసి మీకు వాట్సాప్‌లో పంపి ‘స్కాన్ చేయండి’ అన్నాడనుకోండి. మీ ఫోను బ్లూటూత్ అతని కంప్యూటర్ దాకా అందదు, పని జరగదు. బ్లూటూత్ ఆపేసి క్యూఆర్ పనిచేయడం లేదని చిరాకుపడేవాళ్లు చాలామంది. ఆఫీసు కంప్యూటర్లో బ్లూటూత్ అసలు లేకపోతే మాత్రం ఈ దారి మూసుకుపోయినట్టే.

వేలిముద్ర ఎక్కడికీ పోదు

మీకు తెలుసా? పాస్‌కీతో లాగినయినప్పుడు మీ వేలిముద్ర ఫేస్‌బుక్‌కు గానీ ఎక్స్‌కు గానీ చేరదు. వేలిముద్ర ఫోనుకు మాత్రమే చూపిస్తారు. సంతకం పెట్టడానికి ఫోను అడిగే అనుమతి అది. సైటుకు వెళ్లే మూటలో ‘ఫోను యజమానిని సరిచూశాను’ అనే చిన్న సూచన ఉంటుంది, అంతే. ఆధార్ వేలిముద్రల అనుభవంతో భయపడేవాళ్లు ఈ ఒక్క విషయంలో నిశ్చింతగా ఉండొచ్చు.

అయితే దీనికి రెండో వైపు ఉంది. వేలిముద్ర సరిపోకపోతే ఫోను పిన్ అడుగుతుంది. ఆ పిన్ తెలిసిన ప్రతివారూ మీ పాస్‌కీకి హక్కుదారులే. మన ఇళ్లలో ఫోను పిన్ ఎవరికి తెలియదు చెప్పండి? పిల్లలకు గేములకోసం, భర్తకో భార్యకో అవసరానికని చెప్పేసి ఉంటాం. కొందరైతే ఇంటిల్లిపాది వేళ్లనూ ఒకే ఫోనులో నమోదు చేసి పెడతారు. అందులో ఏ వేలైనా పాస్‌కీకి సరిపోతుంది, ఇది ఎవరి ఖాతా అని ఫోను అడగదు. ఒకే ఫోనును నలుగురు వాడే ఇంట్లో, మీ పాస్‌వర్డ్ మీకు మాత్రమే తెలిసినప్పటి చాటు పాస్‌కీతో ఉండదు. దూరపు దొంగ నుంచి కాపాడటంలో దానికి సాటి లేదు, పక్కగది మనిషి నుంచి కాపాడటం దాని పని కాదు.

పాత నంబరు చిక్కు

ఓటీపీకి పాస్‌కీకి ఉన్న ఇంకో తేడా విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు బాగా తగిలేది. డాలస్‌కో మెల్‌బోర్న్‌కో చదువుకు వెళ్లిన పిల్లవాడి ఫేస్‌బుక్ ఖాతా ఇక్కడి నంబరుతో ఉంటుంది. రీచార్జ్ చేయడం మానేస్తాడు, నంబరు ఆగిపోతుంది. మన దేశంలో అలా ఆగిపోయిన నంబరును 90 రోజుల దాకా ఎవరికీ ఇవ్వరని ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ తర్వాత ఇవ్వొచ్చన్నమాట. ఇస్తే, ఆ పిల్లవాడి ఓటీపీలు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి వెళ్తాయి. పాస్‌కీకి నంబరుతో సంబంధం లేదు. సిమ్ తీసేసినా, దేశం మారినా, రోమింగ్ లేకపోయినా పనిచేస్తుంది. కానీ పాస్‌కీ పెట్టుకున్నంత మాత్రాన ఖాతాలో ఉన్న పాత నంబరు తనంతట తాను పోదు. దాన్ని విడిగా వెళ్లి తీసేయాలి. తీయకపోతే ఆ అపరిచితుడు ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ అని నొక్కి మీ ఖాతా తలుపు తట్టగలడు.

మిగిలిపోయిన పెరటి తలుపులు

పాస్‌కీ గురించి రాసేవాళ్లు చాలామంది చెప్పకుండా దాటేసే సంగతి ఇదే. ఎక్స్‌లో గానీ ఫేస్‌బుక్‌లో గానీ పాస్‌కీ పెట్టుకున్నాక పాస్‌వర్డ్ మాయమైపోదు. అది అలాగే ఉంటుంది. దొంగ గట్టి తలుపు దగ్గర ఆగిపోయి వెనక్కి వెళ్లిపోడు, మెత్తటి తలుపు వెతుక్కుంటాడు.

2024 జనవరి 9న అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ ఎక్స్ ఖాతాలో, బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లకు అనుమతి ఇచ్చేశామని ఒక పోస్టు కనిపించింది. బిట్‌కాయిన్ ధర వెయ్యి డాలర్లకు పైగా ఎగిరింది. అది అబద్ధమని తెలియగానే రెండు వేల డాలర్లకు పైగా పడింది. జరిగిందేమిటంటే, అలబామాలో ఒకతను దొంగ గుర్తింపు కార్డు చూపించి, ఆ ఖాతాకు జోడించిన ఫోను నంబరుకు డూప్లికేట్ సిమ్ తీసుకున్నాడు. పాస్‌వర్డ్ మార్చుకోవడానికి అవసరమైన కోడ్ ఆ సిమ్‌కు వచ్చింది. పాస్‌వర్డ్ ఊహించాల్సిన పని కూడా పడలేదు. ఆ ఖాతాకు ఉండాల్సిన రెండో అంచె రక్షణను, లాగిన్ ఇబ్బందిగా ఉందని సిబ్బందే ఆరు నెలల ముందు తీయించేశారు. అతనికి 2025 మేలో 14 నెలల జైలుశిక్ష పడింది. ఆ ఖాతాకు పాస్‌కీ ఉండి, ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ దారి కూడా అలాగే తెరిచి ఉంటే ఏమయ్యేది? నా లెక్కలో ఇదే అయ్యేది.

అందుకే పాస్‌కీ పెట్టుకున్న రోజే ఇంకో పని చేయాలి. పాస్‌వర్డ్‌ను ఎక్కడా వాడని పొడుగాటిదానికి మార్చి, రెండో అంచెను ఎస్ఎంఎస్ నుంచి ఆథెంటికేటర్ యాప్‌కు మార్చండి. ఖాతా తిరిగి తెచ్చుకునే దారిగా పెట్టిన ఈమెయిల్‌ను కూడా అంతే గట్టిగా బిగించండి. ఆ ఈమెయిల్ జీమెయిల్ అయితే దానికీ పాస్‌కీ పెట్టుకోవచ్చు.

పాస్‌కీ కాపలా లాగిన్ గుమ్మం దాకే అన్నది కూడా మరవద్దు. మీరు లోపలికి వచ్చాక సైటు మీ బ్రౌజర్‌కు ఒక గుర్తింపు చీటీ ఇస్తుంది, ప్రతిసారీ లాగిన్ అడగకుండా. ‘వెడ్డింగ్ కార్డ్’ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలునో, క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌నో ఇన్‌స్టాల్ చేసుకుంటే, అందులోని దొంగ ప్రోగ్రాం ఆ చీటీనే ఎత్తుకుపోవచ్చు. అప్పుడు పాస్‌కీని ఎవరూ అడగరు. వాట్సాప్‌లో వేరే కంప్యూటర్‌ను జోడించే ఎనిమిది అక్షరాల కోడ్‌ను మీ చేతే కొట్టించే మోసం కూడా ఇలాంటిదే. అక్కడ దొంగ మీ ఖాతాను లాక్కోడు, మీ పక్కన కూర్చుని చదువుకుంటాడు. సెట్టింగ్స్‌లోని Linked devices లో మీకు తెలియని పరికరం కనిపిస్తే అది ఇదే.

ఫోను పోతే, ఫోను మారితే

మీకు తెలుసా? మామూలుగా పాస్‌కీ ఒక్క ఫోనులోనే చిక్కుకుని ఉండదు. ఐఫోన్‌లో ఐక్లౌడ్ కీచైన్, ఆండ్రాయిడ్‌లో గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ దాన్ని తాళం వేసి నకలు ఉంచుతాయి. ఆ తాళం యాపిల్, గూగుల్ కూడా తీయలేవు. కొత్త ఫోనులో అదే గూగుల్ ఖాతాతో వెళితే పాత ఫోను స్క్రీన్ లాక్‌నో, పాస్‌వర్డ్ మేనేజర్ పిన్‌నో అడిగి పాస్‌కీలను దింపుతుంది. ఆ పాత పిన్ మర్చిపోతేనే కష్టం. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు మారేవాళ్లు, పాత ఫోను చేతిలో ఉండగానే కొత్తదాంట్లో ఇంకో పాస్‌కీ చేసుకోవడం తేలిక. ఒకే ఖాతాకు ఒకటికి మించి పాస్‌కీలు ఉండొచ్చని చెప్పే సైట్లలో ఇందుకు ఏ అడ్డూ లేదు.

పెట్టుకునే చోట్లు చెబుతాను. ఫేస్‌బుక్ యాప్‌లో Accounts Center లోకి వెళ్లి Password and security చూడండి, Passkey అక్కడ ఉంటుంది. వాట్సాప్‌లో Settings తర్వాత Account, అందులో Passkeys. ఎక్స్‌లో Security and account access కింద Security లో వెతకాలి. ఫోను ఆండ్రాయిడ్ 9 గానీ ఐఓఎస్ 16 గానీ ఆపైది కావాలి, స్క్రీన్ లాక్ తప్పనిసరి. లాక్ లేని ఫోనులో పాస్‌కీ పెట్టనివ్వరు.

తీసేయడంలో మాత్రం ఒక మెలిక. పాస్‌కీకి రెండు సగాలు, రెండు చోట్ల ఉంటాయి. ఫోనులోంచి తీసేస్తే సైటు దగ్గరి పబ్లిక్ కీ అలాగే ఉండిపోతుంది. సైటులో తీసేస్తే ఫోను పాస్‌కీ ఉందనే చూపిస్తుంది, నొక్కితే లాగిన్ కాదు. పాత ఫోను అమ్మేముందు దాన్ని పూర్తిగా చెరిపేసి, తర్వాత సైటు సెట్టింగ్స్‌లోకి వెళ్లి పాస్‌కీల జాబితా చూడండి. ప్రతిదాని పక్కన అది ఎప్పుడు చేసిందో, ఏ పరికరానిదో సాధారణంగా ఉంటుంది. వాడకంలో లేనిది తీసేయండి. మీరు చేయనిది ఒకటి అక్కడ కనిపిస్తే, ఎవరో మీ ఖాతాలోకి ఒకసారి వచ్చి, మళ్లీ రావడానికి తమ పాస్‌కీ పెట్టుకుని వెళ్లారని అర్థం. ముందు దాన్ని తీసి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ కొట్టి, ఆ తర్వాత పాస్‌వర్డ్ మార్చాలి. పాస్‌వర్డ్ ఒక్కటే మార్చి ఊరుకుంటే ఆ పాస్‌కీకి ఏమీ కాదు.